నులకమంచం ఒక చివర 13 పిక్సెల్స్, రెండో చివర 34: దూరాన్ని బట్టి బ్లర్ లెక్కగట్టిన ఒక షాట్

ఒక వెబ్ సిరీస్‌లోని చిన్న షాట్ ఇది. పాత పెంకుటిల్లు, పొడవాటి వసారా. కెమెరా వసారా ఈ కొసన ట్రైపాడ్ మీద కదలకుండా ఉండి ఆ కొస వైపు చూస్తుంటుంది. ముందు పీట మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంటుంది, ఫోకస్ ఆమె మీద ఉంటుంది. ఆమె వెనక కుడి పక్కన ఒక చెక్క స్తంభం, ఇంకాస్త వెనక ఇంట్లోకి వెళ్లే గుమ్మం, చివర్లో గోడ కనిపిస్తాయి. షాట్ చివర్లో ఫోకస్ అమ్మాయిని వదిలి గుమ్మంలోకి వచ్చిన పెద్దాయన మీదికి వెళుతుంది.

ఎడిటింగ్ అయ్యాక దర్శకుడు వసారాలో ఒక నులకమంచం, దాని మీద ఇత్తడి చెంబు ఉండాలన్నారు. కథలో ఆ మంచానికి పని ఉంది, షూటింగ్ రోజున అక్కడ లేదు. త్రీడీలో మంచం కట్టి, షూట్ చేసిన ఫుటేజ్‌లో, అంటే ప్లేట్‌లో, కూర్చోబెట్టే పని నాకు వచ్చింది. వెలుగు, రంగు, పెర్‌స్పెక్టివ్ త్వరగానే సర్దుకున్నాయి. అసలు పని బ్లర్ దగ్గర మొదలైంది.

మా సూపర్‌వైజర్ ప్లేట్ చూసి, "పక్కన స్తంభం ఎంత మెత్తగా ఉందో మంచాన్నీ అంత మెత్తగా చేసెయ్ తమ్ముడూ, దీనికి లెక్కెందుకు?" అన్నారు. "అన్నా, స్తంభం ఒక్క దూరంలో నిలబడి ఉంది. మంచం 2.6 మీటర్ల దగ్గర మొదలై 4.4 మీటర్ల దాకా పోతోంది" అన్నాను. స్తంభాన్ని చూసి మంచం మొత్తానికి ఒకటే బ్లర్ ఇస్తే దగ్గరి కోళ్లు అవసరానికి మించి మసకబారతాయి, దూరపు కోళ్లు అతికించినట్టు స్ఫుటంగా మిగులుతాయి. చూసేవాళ్లకి ఎక్కడ తేడా ఉందో చెప్పడం రాదు గానీ, మంచం పొట్టిగా ఉన్నట్టో వాలినట్టో అనిపిస్తుంది. దూరాన్ని అంచనా కట్టడానికి కన్ను వాడుకునే ఆధారాల్లో బ్లర్ ఒకటి, అందుకే ఇలా జరుగుతుంది.

కళ్లతో సరిపెట్టడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆగి ఉన్న ఫ్రేములో ఎలాగోలా కుదిరించవచ్చు. ఫోకస్ కదలడం మొదలవగానే ఆ సర్దుబాటు ఎక్కడా నిలవదు. ప్రతి ఫ్రేములో మంచం రెండు చివరలనీ విడివిడిగా కళ్లతో పట్టుకుంటూ పోవడం జరిగే పని కాదు. అందుకని ఈ షాట్‌లో ముందు లెన్స్ పాటించే లెక్కని ప్లేట్ నుంచే రాబట్టి, తర్వాత మంచాన్ని ఆ లెక్కలో పెట్టాను.

ఆ లెక్క చాలా సులువైనది. ఫోకస్ లేని ఒక చుక్క సెన్సర్ మీద చుక్కగా కాకుండా చిన్న బిళ్లగా పడుతుంది. ఆ బిళ్ల వ్యాసమే మనం వెతికే బ్లర్. ఫోకస్ దూరం s, వస్తువు దూరం d అనుకుంటే వ్యాసం ఇలా వస్తుంది:

```
c = K * (1 - s / d)
```

K అంటే అనంత దూరంలో ఉన్న చుక్క ఎంత బిళ్లగా మారుతుందో ఆ వ్యాసం. జవాబు ధనాత్మకంగా వస్తే వస్తువు ఫోకస్‌కి వెనక, రుణాత్మకంగా వస్తే ముందు ఉన్నట్టు. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. బ్లర్ దూరంతో పాటు సమంగా పెరగదు, దూరాన్ని తలకిందులు చేసిన 1/d అనే విలువతో సమంగా మారుతుంది. ఫోకస్ రెండు మీటర్ల దగ్గర ఉంటే, దాని ముందు 1.5 మీటర్లలో ఉన్న వస్తువుకీ వెనక 3 మీటర్లలో ఉన్న వస్తువుకీ బ్లర్ ఒకటే. ముందు వైపు అర మీటరు చేసిన పనికి వెనక వైపు మీటరు కావాలి. ఇంకా వెనక్కి పోయేకొద్దీ బ్లర్ పెరగడం నెమ్మదించి K దగ్గర ఆగిపోతుంది.

1/d తో గీస్తే ఇది సరళరేఖ అవుతుంది. సరళరేఖ తెలియడానికి రెండు బిందువులు చాలు. దూరం తెలిసిన రెండు వస్తువుల బ్లర్‌ని ప్లేట్‌లో కొలిస్తే K, s రెండూ వచ్చేస్తాయి. లెన్స్ పేరు గానీ ఎపర్చర్ గానీ తెలియకపోయినా పని ఆగదు.

మాకు కెమెరా రిపోర్ట్ ఉంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్, 50 ఎం.ఎం. లెన్స్, టి 2.1, ఫోకస్ 2.0 మీటర్లు అని రాసి ఉంది. ప్లేట్ వెడల్పు 3840 పిక్సెల్స్. సెన్సర్ 36 మిల్లీమీటర్లు కాబట్టి ఒక మిల్లీమీటరుకి దాదాపు 107 పిక్సెల్స్. ఎఫ్ 2 అనుకుని లెక్కేస్తే K సుమారు 68 పిక్సెల్స్ వస్తుంది. దాని ప్రకారం మంచం దగ్గరి చివర 16, దూరపు చివర 37 పిక్సెల్స్ ఉండాలి.

రిపోర్ట్ అంకెల్ని మొదటి అంచనాగా తీసుకుంటాను, అక్కడితో ఆగను. టి-స్టాప్ అనేది లెన్స్ గుండా ఎంత కాంతి చేరిందో చెప్పే అంకె. బ్లర్‌ని నిర్ణయించేది మాత్రం ఎపర్చర్ ఎంత వెడల్పుగా తెరుచుకుందన్నది. ఈ రెండూ దగ్గరగా ఉంటాయి గానీ ఒకటి కావు. ఫోకస్ దూరాన్ని సెట్‌లో సెన్సర్ గుర్తు నుంచి టేపు పట్టి కొలుస్తారు, మన లెక్కలో దూరాలు లెన్స్ నుంచి మొదలవ్వాలి. పైగా రిపోర్ట్‌లో రాసేది రిహార్సల్ అప్పటి అంకె. టేకులో నటి వెనక్కి వాలితే ఫోకస్ పుల్లర్ కూడా వెంట వెళతాడు, కాగితం మీద అంకె మాత్రం పాతదే ఉంటుంది.

అందుకని ప్లేట్‌నే కొలిచాను. దూరాలు మ్యాచ్‌మూవ్ నుంచి, అంటే ప్లేట్ చూసి త్రీడీలో తిరిగి కట్టిన కెమెరా, సెట్ కొలతల నుంచి తీసుకున్నాను. లొకేషన్‌లో వసారా పొడవు టేపుతో కొలిచి రాసుకున్నారు కాబట్టి దాని స్కేలు నమ్మదగినదే. మ్యాచ్‌మూవ్ కెమెరా ఉండే చోటు లెన్స్ కాంతిని అందుకునే బిందువు కాబట్టి దూరాలన్నీ ఒకే చోటు నుంచి లెక్కకొచ్చాయి. స్తంభం 3 మీటర్లు, గుమ్మం 4.5, గోడ 6.

బ్లర్ కొలవడానికి మొదట నాయిస్ తగ్గాలి. కెమెరా కదలడం లేదు కాబట్టి ఫోకస్ కదలక ముందున్న ఫ్రేములు కొన్నింటిని సగటు చేస్తే గ్రెయిన్ పోయి అంచులు శుభ్రంగా వచ్చాయి. ప్లేట్‌ని లాగ్ నుంచి లీనియర్‌కి మార్చాకే కొలవాలి. లాగ్‌లో చీకటి భాగం సాగిపోయి ఉంటుంది కాబట్టి అంచు ఒక పక్కకి జరిగినట్టు కనబడి వెడల్పు తప్పు వస్తుంది.

గోడ మీద వేలాడదీసిన స్టీలు గరిటె గుండ్రటి అంచున ఎండ మెరుపు ఒకటి ఉంది. దానిది చక్కటి బిళ్ల. చుక్కంత వెలుగు బిళ్లగా మారితే కొలవడం చాలా సులువు, వ్యాసం నేరుగా చదువుకోవచ్చు. 42 పిక్సెల్స్ వచ్చింది. పక్కనే గోడకున్న ఫొటో అద్దంలో ఇంకా పెద్ద మెరుపు ఉంది గానీ దాన్ని ముట్టుకోలేదు. చదునైన అద్దంలో కనిపించే వెలుగుకి బ్లర్ అద్దం దూరాన్ని బట్టి రాదు, ప్రతిబింబించిన వస్తువు దాకా ఉన్న మొత్తం దారిని బట్టి వస్తుంది. గరిటె లాంటి ఉబ్బెత్తు ఉపరితలంలో ప్రతిబింబం ఆ ఉపరితలానికి బాగా దగ్గరగా ఏర్పడుతుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

స్తంభం మీద మెరుపులు లేవు, దాని నిలువు అంచే ఆధారం. వెనక వెలుతురు, ముందు నల్లటి చెక్క ఉన్న చోట అంచుకి అడ్డంగా గీత గీసి విలువలు చదివాను. చీకటి వైపు నుంచి వెలుగు వైపు వెళుతుంటే 10 శాతం దగ్గర మొదలై 90 శాతం చేరడానికి 13.4 పిక్సెల్స్ పట్టింది. గుండ్రటి బిళ్లతో బ్లరైన అంచులో ఈ 10–90 వెడల్పు బిళ్ల వ్యాసంలో 0.69 వంతు ఉంటుంది. కాబట్టి స్తంభం బ్లర్ 19.5 పిక్సెల్స్. మొత్తం 0 నుంచి 100 దాకా ఎందుకు కొలవలేదంటే, ఆ చివరలు మిగిలిన గ్రెయిన్‌లోనూ చెక్క ఛాయల్లోనూ కలిసిపోతాయి, ఎక్కడ ఆగిందో తేల్చలేం.

ఇప్పుడు చేతిలో రెండు బిందువులున్నాయి. 3 మీటర్లలో 19.5, 6 మీటర్లలో 42. వీటి గుండా పోయే రేఖ ఇది:

```
c = 64.5 - 135 / d
```

K 64.5 పిక్సెల్స్. ఫోకస్ దూరం 135/64.5, అంటే 2.09 మీటర్లు. రిపోర్ట్‌లో 2.0 అని ఉన్నా, ఆ టేకులో అమ్మాయి వెనక్కి జరిగి కూర్చుంది. అంకె కూడా అదే చెబుతోంది.

గుమ్మాన్ని కావాలనే పక్కన పెట్టాను. రెండు బిందువులతో ఏ రేఖైనా గీయవచ్చు, అది నిజమో కాదో చెప్పేది మూడోది. రేఖ ప్రకారం 4.5 మీటర్లలో 34.5 పిక్సెల్స్ ఉండాలి. గుమ్మం అంచు కొలిస్తే 34 పైన వచ్చింది. అంత దగ్గరగా కుదిరితే దూరాల స్కేలూ కొలతలూ రెండూ సరిగ్గా ఉన్నట్టే. ఈ మూడో కొలత మూడు నాలుగు పిక్సెల్స్ తేడా చూపిస్తే నేను మొదట అనుమానించేది బ్లర్‌ని కాదు, మ్యాచ్‌మూవ్ స్కేలుని.

మంచం విలువలు ఇప్పుడు వాటంతటవే వచ్చాయి. 2.6 మీటర్లలో దగ్గరి కోళ్ల దగ్గర 12.6 పిక్సెల్స్. 4.4 మీటర్లలో దూరపు కోళ్ల దగ్గర 33.8. నడిమధ్యన, 3.5 మీటర్లలో, చెంబు ఉన్న చోట 25.9. రెండు చివరల సగటు 23.2 గనక, ఒక చివర నుంచి ఇంకో చివరకి సమానంగా ర్యాంప్ గీసి ఉంటే చెంబు దగ్గర దాదాపు మూడు పిక్సెల్స్ తక్కువ పడేది. రిపోర్ట్ అంకెల్నే నమ్మి ఉంటే మంచం మొత్తం మూడు పిక్సెల్స్ పైగా ఎక్కువ మసకబారి, స్తంభం పక్కన నిలబెట్టినప్పుడు ఇంకా వెనక ఉన్నట్టు కనబడేది.

కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్ న్యూక్‌లో దీన్ని పెట్టడానికి, ప్రతి పిక్సెల్ ఎంత లోతులో ఉందో చెప్పే డెప్త్ ఛానెల్ కావాలి. డెప్త్ విలువ మీటర్లలో ఉంటే `Expression` నోడ్‌లో ఒక్క వరుసతో బ్లర్ మ్యాప్ వస్తుంది:

```
depth.Z > 0 ? fabs(64.5 - 135 / depth.Z) : 0
```

ఇక్కడ రెండు విషయాలు చూసుకోవాలి. న్యూక్ సొంత స్కాన్‌లైన్ రెండరర్ డెప్త్‌ని దూరంగా కాకుండా 1/దూరంగా ఇస్తుంది. అలాంటి డెప్త్ వస్తే భాగించకుండా గుణించాలి. రెండోది, కొన్ని రెండరర్లు కెమెరా నుంచి వస్తువు దాకా ఏటవాలుగా పోయే దూరాన్ని ఇస్తాయి. మనకి కావలసింది లెన్స్ చూసే దిశలో నేరుగా ఉన్న లోతు. ఫ్రేము మధ్యలో ఈ రెండూ ఒకటే. 50 ఎం.ఎం. లెన్స్‌కి ఫుల్ ఫ్రేమ్ పక్క అంచు దగ్గర మాత్రం ఏటవాలు దూరం ఆరు శాతం ఎక్కువ వస్తుంది. మా మంచం కుడి పక్కకి ఉండటంతో ఈ తేడా కనబడేంత ఉంది.

బ్లర్ చేసే నోడ్‌కి ఇచ్చే అంకె వ్యాసమా, వ్యాసార్ధమా అన్నది కూడా టూల్‌ని బట్టి మారుతుంది. మాన్యువల్ వెతికే బదులు నల్లటి ఫ్రేములో ఒక్క తెల్ల పిక్సెల్ పెట్టి, 20 అని ఇచ్చి, వచ్చిన బిళ్లని కొలిస్తే సందేహం తీరిపోతుంది. ఈ పరీక్ష చేయకపోతే సగం బ్లరో, రెండింతల బ్లరో పడి, పైన కట్టిన లెక్కంతా వృథా అవుతుంది.

మంచం బదులు బల్లో, గోళెమో అయి ఉంటే పని దాదాపు ఇక్కడితో ముగిసేది. నులకమంచంలో అల్లిక ఉంది. తాళ్ల మధ్య ఖాళీలు, ఖాళీల్లోంచి కింద నేల కనిపిస్తాయి. తాడు అంచున ఉన్న పిక్సెల్‌లో సగం తాడు, సగం ఖాళీ ఉంటాయి. రంగుకైతే సగటు తీయడం సబబే. డెప్త్‌కి సగటు తీస్తే అర్థం లేని దూరం వస్తుంది. తాడు 3 మీటర్లలో, ఖాళీ భాగం రెండరర్ పెట్టుకున్న పదివేల మీటర్లలో ఉంటే, అంచు పిక్సెల్ తాను ఐదువేల మీటర్లలో ఉన్నానంటుంది. దానికి 64.5 పిక్సెల్స్ బ్లర్ పడుతుంది. ప్రతి తాడు చుట్టూ పొగలాంటి అంచు, లోపల కాస్త గట్టిగా మిగిలిన తాడు కనిపిస్తాయి. కంప్‌లో, అంటే పొరలన్నీ కలిపే చోట, వస్తువు చుట్టూ ఇలాంటి పొగ కనిపిస్తే బ్లర్ సైజుని కదిపే ముందు డెప్త్ ఛానెల్‌ని పెద్దది చేసి అంచులు చూడాలి. ఫిల్టర్ చేయని డెప్త్ తీసుకుంటే ఆ పొగ పోతుంది గానీ అల్లిక అంతా మెట్లు మెట్లుగా కనబడుతుంది. అల్లిక వెనకున్న తాళ్ల రంగు అసలు ఇమేజ్‌లోనే లేదు కాబట్టి, ముందు తాడు మెత్తబడినప్పుడు దాని వెనక ఏం చూపించాలో నోడ్‌కి తెలియదు.

అందుకే మంచాన్ని కంప్‌లో బ్లర్ చేయకుండా రెండర్‌లోనే లెన్స్ పెట్టి తీశాం. రేఖ తెలిసింది కాబట్టి రెండర్ కెమెరాకి ఏం చెప్పాలో కూడా తెలుసు. బ్లెండర్ సైకిల్స్‌లో సెన్సర్ 36, ఫోకల్ లెంగ్త్ 50, `Focus Distance` 2.09 పెట్టాం. 135 అన్న అంకెని వెనక్కి లెక్కేస్తే `F-Stop` 1.98 దగ్గరకి వస్తుంది. ఇందులో ఇబ్బంది ఏంటంటే రెండర్ టైమ్ పెరుగుతుంది, బ్లరైన చోట నాయిస్ పోవడానికి శాంపుల్స్ ఎక్కువ కావాలి, దర్శకుడు "కొంచెం తగ్గించండి" అంటే మళ్లీ రెండర్ చేయాలి. అయినా తాళ్లు, ఆకులు, జుట్టు, ఇనుప జాలీ లాంటి సన్నటి వస్తువులకి ఇదే సరైన దారని నా అభిప్రాయం. నిండుగా ఉన్న వస్తువులకి కంప్‌లో బ్లర్ హాయిగా సరిపోతుంది. చెంబుని విడిగా రెండర్ చేసి కంప్‌లోనే బ్లర్ చేశాను.

చెంబు మీద ఎండ మెరుపు ఉంది. పక్కనే ప్లేట్‌లో నిజమైన గరిటె మెరుపు బిళ్లగా కనిపిస్తున్నప్పుడు చెంబు మెరుపు కూడా బిళ్ల అవ్వాలి. 26 పిక్సెల్స్ వ్యాసమున్న బిళ్లలో దాదాపు 530 పిక్సెల్స్ పడతాయి. ఒక పిక్సెల్ మెరుపుని 1.0 దగ్గర కోసేసి ఉంటే, దాన్ని 530 భాగాలు చేశాక ఏమీ మిగలదు, ఇత్తడి మట్టిలా మారుతుంది. రెండర్ విలువల్ని కోయకుండా ఫ్లోట్‌లో ఉంచి లీనియర్‌లో బ్లర్ చేస్తే, వందల్లో ఉన్న మెరుపు విలువ పంచుకున్నాక కూడా బిళ్లగా నిలబడుతుంది. గాసియన్ బ్లర్‌తో ఇది రాదు, అంచు లేని మెరుపు మబ్బు మాత్రమే వస్తుంది. ప్లేట్‌లో ఫ్రేము కుడి అంచు వైపున్న బిళ్లలు పూర్తి గుండ్రంగా లేవు, నిమ్మకాయలా కొనలు తేలాయి. ఎపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడు లెన్స్ గొట్టం అంచులు పక్క నుంచి వచ్చే కాంతిని కొంత ఆపేయడం వల్ల అలా అవుతుంది. చెంబు ఉన్న చోటికి దగ్గరున్న బిళ్ల ఆకారాన్నే కర్నెల్‌గా గీసి వాడాను.

నీడ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఇక్కడ చాలా కంప్‌లు చెడిపోతాయి. మంచం కోడు నేలని తాకే చోట కోడు బ్లరూ నేల బ్లరూ ఒకటే అవ్వాలి. నీడ నేల మీద పడుతుంది కాబట్టి దాని బ్లర్ నేల లోతుని బట్టి రావాలి. నీడని ప్లేట్‌లో కలిపేసి, ఆ కలిపిన దాన్ని బ్లర్ చేస్తే ప్లేట్‌లో అప్పటికే మెత్తగా ఉన్న నేల రెండోసారి మెత్తబడుతుంది. అందుకే నీడ ఎక్కడ ఎంత ఉందో చెప్పే నలుపు తెలుపు మ్యాట్‌ని మాత్రమే నేల డెప్త్‌తో విడిగా బ్లర్ చేసి, ఆ తర్వాత ప్లేట్‌ని దానితో గుణించాలి. ఎండ వల్ల సహజంగా వచ్చే నీడ అంచు మెత్తదనం వేరు, లెన్స్ బ్లర్ వేరు. మొదటిది రెండర్‌లోని లైటు చూసుకుంటుంది, రెండోది మాత్రమే మనం కలుపుతాం.

అమ్మాయి భుజం మంచంలో కొంత భాగానికి అడ్డు వస్తుంది. ఆమె ఫోకస్‌లో ఉన్నంతసేపు ఒకే సూత్రం చాలు. మంచాన్ని ఆమె ఆకారానికి కోయకుండా పూర్తిగా రెండర్ చేసి, బ్లర్‌తో సహా పరిచి, దాని మీద, ప్లేట్‌లోంచి ఆమె ఆకారాన్ని గీసి వేరుచేసిన రోటో పెట్టాలి. ముందే కోసి తర్వాత బ్లర్ చేస్తే భుజం పక్కన మంచం పల్చబడి వెనక గోడ బయటికొస్తుంది, సన్నటి వెలుగు గీత పడుతుంది.

బ్లరంతా అయ్యాక గ్రెయిన్. ప్లేట్ గ్రెయిన్ సెన్సర్‌ది, దానికి ఫోకస్‌తో సంబంధం లేదు. ఎంత మసకబారిన చోటైనా గ్రెయిన్ స్ఫుటంగానే ఉంటుంది. కాబట్టి బ్లర్ తర్వాతే కలపాలి. కెమెరా సహజంగా ఇచ్చే ఒకటిన్నర పిక్సెల్ మెత్తదనం కూడా మంచానికి కావాలి గానీ 12 పిక్సెల్స్ బ్లర్‌లో అది కనబడదు. ఫోకస్ మంచం మీదుగా వెళ్లినప్పుడు మాత్రం అది లేకపోతే తాళ్లు కత్తిరించినట్టు కనిపిస్తాయి.

ఫోకస్ కదిలే భాగంలో రేఖ అసలు ఉపయోగం బయటపడింది. పైన వచ్చిన లెక్కని ఇలా కూడా రాయవచ్చు:

```
c = 135 * (1/s - 1/d)
```

ఫోకస్ మారుతున్నప్పుడు 135 అనే అంకె దాదాపు కదలదు. రెండు నుంచి నాలుగున్నర మీటర్లకి వెళితే ఒక్క శాతం పైచిలుకు మారుతుంది, దాన్ని వదిలేయవచ్చు. మారేది s ఒక్కటే. అంటే ప్రతి ఫ్రేములో ఒకే ఒక్క కొలత చాలు. గోడ మీది గరిటె మెరుపు నాకు ఆ కొలత ఇచ్చింది. ఒక ఫ్రేములో బిళ్ల 15 పిక్సెల్స్‌కి తగ్గింది. 15/135 కి 1/6 కలిపితే 1/s వస్తుంది, s 3.6 మీటర్లు. అంటే ఆ ఫ్రేములో ఫోకస్ దాదాపు మంచం నడుమ ఉంది. దగ్గరి కోళ్లు ఫోకస్‌కి ముందుండి 14 పిక్సెల్స్ మసకగా, దూరపు కోళ్లు ఫోకస్‌కి వెనకుండి 7 పిక్సెల్స్ మసకగా, మధ్యలో అల్లిక స్పష్టంగా కనబడాలి. ఒకే అంకెతో బ్లర్‌ని యానిమేట్ చేసి ఉంటే మంచం మొత్తం ఒక్కసారిగా స్పష్టమై, మళ్లీ ఒక్కసారిగా మసకబారేది. నిజం లెన్స్‌లో స్పష్టత మంచం పొడవునా ముందు నుంచి వెనక్కి పాకుతుంది.

పుల్ చివర్లో ఫోకస్ గుమ్మం మీద, 4.5 మీటర్లలో నిలుస్తుంది. గోడ మెరుపు అప్పుడు ఏడెనిమిది పిక్సెల్సే ఉంటుంది. అంత చిన్న బిళ్లలో కెమెరా సొంత మెత్తదనం కూడా కలిసిపోతుంది కాబట్టి కొలత నమ్మకం తగ్గుతుంది. ఆ ఫ్రేముల్లో కొలతని అమ్మాయి జాకెట్టు అంచు మీదికి మార్చాను. ఆమె ఇప్పుడు 34 పిక్సెల్స్ పైన మసకగా ఉంది, పొరపాటుకి తావు తక్కువ. ఎప్పుడూ ఎక్కువ మసకగా ఉన్న దాన్నే కొలవడం మంచిది. గోడ నుంచి, జాకెట్టు నుంచి వచ్చిన s విలువలు పుల్ మధ్య ఫ్రేముల్లో ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో లేదో చూసి, రెండింటినీ ఒకే కర్వ్‌గా చేసి రెండర్ కెమెరా `Focus Distance`కి ఇచ్చాం.

మిగిలిన కష్టం అమ్మాయి భుజం. మొదట్లో ఆమె స్పష్టం, మంచం మసక. ఇప్పుడు మంచం దూరపు చివర స్పష్టం, ఆమె ముందు నిలిచిన మసక. ఆమె అంచు ఇప్పుడు 34 పిక్సెల్స్ వెడల్పున్న పల్చటి పొర. ఆ పొరలో ఆమె రంగూ వెనకున్న పాత నేల, గోడ రంగూ కలిసిపోయి ఉన్నాయి. మెత్తటి రోటోతో ఆమెని ఎత్తి మంచం మీద పెడితే ఆ పాత నేల వెలుగు కూడా వెంట వచ్చి భుజం చుట్టూ తెల్లటి అంచుగా మిగులుతుంది.

సెట్‌లో ఎవరూ లేకుండా, గుమ్మం మీద ఫోకస్‌తో తీసిన ఖాళీ ప్లేట్ ఒకటి ఉంది. అదే ఈ చోటుని కాపాడింది. ఆమెని ఎత్తి పెట్టలేదు. అసలు ప్లేట్‌ని అలాగే ఉంచి, వెనక జరిగిన మార్పుని మాత్రం ఆమె అంచు గుండా కనిపించినంత మేర కలిపాను:

```
out = plate + (1 - a) * (newBG - cleanBG)
```

`cleanBG` ఖాళీ ప్లేట్, `newBG` అదే ఖాళీ ప్లేట్‌లో మంచం, నీడ పెట్టినది, `a` ఆమె మ్యాట్. భుజం లోపల a ఒకటి కాబట్టి ప్లేట్‌లో ఏ మార్పూ ఉండదు. బయట సున్నా కాబట్టి మంచం పూర్తిగా వస్తుంది. మధ్యలోని పల్చటి పొరలో పాత నేల ఎంత పాలు ఉందో అంత తీసేసి, మంచాన్ని అంతే పాలు పెడుతుంది. ఇది పనిచేయాలంటే మ్యాట్ అంచు కూడా బిళ్ల బ్లర్ ఆకారంలోనే, అదే వ్యాసంతో మెత్తబడాలి. గట్టి రోటో గీసి, రేఖ ఇచ్చిన 34.5 పిక్సెల్స్ వ్యాసంతో డిఫోకస్ చేస్తే అంచు కుదిరింది. గాసియన్ ఫెదర్ వేసినప్పుడు పొర మధ్యలో సరిపోయినా కొసల దగ్గర సన్నటి చారలు మిగిలాయి. ఖాళీ ప్లేట్ ఫోకస్ పుల్ చివరి స్థితికే సరిపోతుంది కాబట్టి, పుల్ జరుగుతున్న ఫ్రేముల్లో భుజం వెనక భాగాన్ని అదే ఖాళీ ప్లేట్ నుంచి ఆ ఫ్రేము s విలువకి తగ్గట్టు డిఫోకస్ చేసి వాడాను. గుమ్మం దగ్గరున్న నేల అందులో బాగా స్పష్టంగా ఉంది కాబట్టి దాన్ని మసకబరచడం కుదిరింది. భుజానికి దగ్గరున్న నేల మాత్రం ఖాళీ ప్లేట్‌లోనే మసకగా ఉంది. మసకని స్పష్టం చేయడం ఏ నోడ్‌తోనూ కాదు. ఆ కొద్ది భాగాన్ని పుల్‌కి ముందున్న ప్లేట్‌లో అమ్మాయి పక్కన కనబడే నేల నుంచి తీసి పెయింట్ చేయాల్సి వచ్చింది.

అంతా కుదిరాక ఒక పరీక్ష చేశాను. స్తంభం ఉన్న చోటే, అదే 3 మీటర్లలో, అంతే వెడల్పున్న త్రీడీ పలక ఒకటి నిలబెట్టి, అదే కెమెరాతో రెండర్ చేసి, నిజం స్తంభం మీద పైభాగంలో మాత్రం కనిపించేలా పెట్టాను. షాట్ మొత్తం నడుస్తుంటే కింద నిజం అంచు, పైన త్రీడీ అంచు ఒకే నిలువు గీతలో ఉంటాయి. పుల్ మొదలై స్తంభం స్పష్టమవుతూ, దాటాక మళ్లీ మసకబారుతుంటే రెండంచుల మధ్య ఎక్కడా అతుకు కనబడలేదు. సూపర్‌వైజర్ ఆ పలక ఉన్న వెర్షన్‌నే ముందు చూశారు. ప్లేబ్యాక్ ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ నడిపి, "ఇందులో ఏది స్తంభం, ఏది నువ్వు పెట్టింది?" అని అడిగారు. పలక తీసేసి మంచం వెర్షన్ పంపించాం.